ఈ ఏడు ఇంక్రిమెంట్ ఎందుకు తగ్గిందో స్టాఫ్‌కి చెప్పడం ఎలా: పీణ్యలో ఒక చిన్న యూనిట్ లెక్కతో సహా

బెంగళూరు పీణ్యలో చిన్న యూనిట్లకు జీతాలు, పీఎఫ్, ఈఎస్‌ఐ లెక్కలు చూడటం నా పని. మార్చి నెలాఖరుకి ఓనర్లు నన్ను అడిగేది ఇంక్రిమెంట్ ఎంత ఇవ్వాలని కాదు, అది వాళ్ళ మనసులో అప్పటికే ఒక కొలిక్కి వచ్చి ఉంటుంది. తక్కువ ఇస్తున్నామని వర్కర్లకు ఎలా చెప్పాలన్నదే వాళ్ళ టెన్షన్. కొందరు చెప్పకుండా ఊరుకుంటారు, జీతం పడ్డ రోజు స్లిప్పు చూసుకుని వాళ్ళే తెలుసుకోవాలి. ఇంకొందరు "ఈ ఏడు పరిస్థితి బాలేదు, కొంచెం సర్దుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

ఆ ముక్క నిలబడదు. ఎందుకంటే మెషీన్ దగ్గర నిలబడేది వాళ్ళే. రెండో షిఫ్ట్ ఎన్ని రోజులు నడిచిందో, ఎన్ని బిన్నులు లోడయి వెళ్ళాయో ఓనర్‌కన్నా వాళ్ళకే బాగా తెలుసు. పని పెరగడం కళ్ళారా చూసినవాళ్ళకి పరిస్థితి బాలేదంటే అబద్ధం చెబుతున్నాడనే అనుకుంటారు. నిజానికి చాలా యూనిట్లలో జరిగేది ఇది: పని పెరిగింది, బిల్లు పెరిగింది, మిగిలేది తగ్గింది. ఈ మూడు మాటలూ ఒకేసారి ఎలా నిజమవుతాయో రూపాయల్లో చూపించగలిగితే ప్రసంగం సగం పూర్తయినట్టే.

ఒక యూనిట్‌ని ఉదాహరణగా తీసుకుని మొదటినుంచి చివరిదాకా చేద్దాం. లెక్క తేలిగ్గా అర్థం కావాలని అంకెలు గుండ్రంగా వచ్చేలా నేనే వేసుకున్నాను, మీ అంకెలు పెట్టుకుని ఇదే దారిలో వెళ్ళండి. ఓనర్ హిందూపురం మనిషి. ఒక పెద్ద కంపెనీకి పీసుకింత అని చేసిచ్చే సీఎన్‌సీ జాబ్‌వర్క్, 12 మంది పనివాళ్ళు, ఎక్కువమంది అనంతపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చినవాళ్ళు, ఇద్దరు తుమకూరు కన్నడవాళ్ళు. పోయినేడు అందరికీ 10 శాతం ఇచ్చాడు.

మొదటి పని: మిగులు తేల్చుకోవడం

ఆడిటర్ ఇచ్చే లాభనష్టాల పట్టిక తీసుకెళ్ళి వర్కర్ల ముందు పెట్టకండి, అందులో తరుగుదల, పన్ను సర్దుబాట్లు ఉంటాయి, అవి వివరించేలోపు టీ చల్లారిపోతుంది. ఐదు వరసల కాగితం చాలు. జీఎస్టీ తీసేసి ఏడాదిలో వేసిన బిల్లు ఎంత, అందులోంచి దేనికెంత పోయింది, ఆఖరుకి ఏం మిగిలింది.

మన ఉదాహరణలో పోయినేడు బిల్లు 1 కోటి 20 లక్షలు. జీతాలు, వాటిమీద కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ కలిపి 42 లక్షలు. ఇన్సర్టులు, అంటే మెషీన్‌లో లోహాన్ని కోసే ముక్కలు, కూలెంట్, మెటీరియల్‌కి 36 లక్షలు. షెడ్డు అద్దె, కరెంటుకి 15 లక్షల 60 వేలు. మెషీన్ లోన్ ఈఎంఐకి 9 లక్షల 60 వేలు. రవాణా, రిపేర్లు, మిగతావన్నీ 7 లక్షల 20 వేలు. అన్నీ పోగా మిగిలింది 9 లక్షల 60 వేలు.

ఈ ఏడు బిల్లు 1 కోటి 29 లక్షల 60 వేలు, అంటే 8 శాతం పెరిగింది. జీతాలు పోయినేటి ఇంక్రిమెంట్ వల్ల 46 లక్షల 20 వేలయ్యాయి. ఇన్సర్టులు, మెటీరియల్ 15 శాతం పెరిగి 41 లక్షల 40 వేలయ్యాయి. అద్దె, కరెంటు 10 శాతం పెరిగి 17 లక్షల 16 వేలు. ఈఎంఐ మారలేదు. మిగతావి 5 శాతం పెరిగి 7 లక్షల 56 వేలు. మొత్తం ఖర్చు 1 కోటి 21 లక్షల 92 వేలు, మిగిలింది 7 లక్షల 68 వేలు.

ఇప్పుడు రెండు అంకెలు పక్కపక్కన పెట్టండి. బిల్లు ఎక్కువ వచ్చింది 9 లక్షల 60 వేలు. ఖర్చు ఎక్కువైంది 11 లక్షల 52 వేలు. తేడా 1 లక్షా 92 వేలు. పోయినేటి మిగులుతో పోలిస్తే 20 శాతం తగ్గింది. ప్రసంగానికి వెన్నెముక ఈ రెండు అంకెలే, మిగతావన్నీ వీటిని నమ్మించడానికే.

ఎందుకిలా అయిందో కూడా మీకు మీరు స్పష్టంగా తెలుసుకోవాలి, లేకపోతే మొదటి ప్రశ్నకే తడబడతారు. ఈ యూనిట్‌లో కారణం ఒకటే. పెద్ద కంపెనీతో పీసు రేటు ఏడాదికి ఒకసారే ఖాయమవుతుంది, ఈ ఏడు ఆ రేటు ఒక్క రూపాయి పెరగలేదు. 8 శాతం ఎక్కువ బిల్లు వచ్చింది ఎక్కువ పీసులు చేయడం వల్లే. ఎక్కువ పీసులంటే ఎక్కువ ఇన్సర్టులు, ఎక్కువ కరెంటు, పైగా ఇన్సర్టు రేటే పెరిగింది. కార్బైడ్ ఇన్సర్టులో ప్రధానంగా ఉండేది టంగ్‌స్టన్, 2025 ఫిబ్రవరిలో చైనా టంగ్‌స్టన్ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాక దాని ధర బాగా పైకెళ్ళింది. ఈ సంగతి ఆపరేటర్లకు చెబితే వెంటనే ఎక్కుతుంది, ఎందుకంటే రోజూ ఆ ఇన్సర్టు మూల తిప్పి బిగించేది వాళ్ళే. ఒకే రకం ఇన్సర్టు, పది ముక్కల పెట్టె, పోయినేటి బిల్లొకటి, ఈ ఏటి బిల్లొకటి చేతిలో పట్టుకుని వెళ్ళండి. ప్రపంచ పరిస్థితుల గురించి ఎంత చెప్పినా ఆ రెండు కాగితాలంత పని చేయవు.

రెండో పని: ఒక్క శాతం ఖరీదెంతో తెలుసుకోవడం

ఇంక్రిమెంట్ శాతం గురించి ఆలోచించే ముందు ఒక్క శాతానికి ఏడాదికి ఎంతవుతుందో చూసుకోండి. ఇక్కడ జీతాల మొత్తం ఖర్చు 46 లక్షల 20 వేలు కాబట్టి ఒక్క శాతం అంటే 46,200. పోయినేటిలాగే 10 శాతం ఇస్తే 4 లక్షల 62 వేలు. మిగిలిన 7 లక్షల 68 వేలలో అదే 60 శాతం. తర్వాత ఓనర్‌కి ఇల్లు గడవడానికి, పన్నుకి, మెషీన్ ఆగితే రిపేరుకి, అన్నిటికీ కలిపి నెలకి 25,500 ఉంటుంది. ఒక్క స్పిండిల్ పోయిందంటే అది కూడా ఉండదు, అప్పుడు జీతాలే ఆలస్యమవుతాయి.

5 శాతం ఇస్తే 2 లక్షల 31 వేలు, అంటే మిగిలిన ప్రతి 100 రూపాయల్లో 30 స్టాఫ్‌కి వెళ్తోంది. 5 లక్షల 37 వేలు ఉంటుంది. ఈ ఓనర్ అక్కడ ఆగాడు, నా లెక్కలో అది న్యాయమే.

ఒక హెచ్చరిక. కర్ణాటకలో కనీస వేతనానికి కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లో మారుతుంది. మీ హెల్పర్ల జీతం కనీస వేతనానికి దగ్గరగా ఉంటే ముందు ఆ కొత్త పట్టిక చూడండి. చట్ట ప్రకారం ఎలాగూ పెంచాల్సిన మొత్తాన్ని మీరిచ్చే ఇంక్రిమెంట్‌గా చెప్పుకోకూడదు. ఆ పట్టిక వర్కర్ల ఫోన్లలో వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంటుంది, ఒకసారి అక్కడ దొరికిపోతే తర్వాత చెప్పే ఏ అంకెనీ నమ్మరు.

మూడో పని: ఎవరికెంత

అందరికీ ఒకే శాతం అంటే వినడానికి సమానంగా ఉంటుంది, చేతికొచ్చేసరికి ఉండదు. ఈ యూనిట్‌లో నెల జీతాలు ఇలా ఉన్నాయి: ఐదుగురు హెల్పర్లకు 20,000 చొప్పున, ఐదుగురు ఆపరేటర్లకు 30,000 చొప్పున, ఇద్దరు సీనియర్ సెట్టర్లకు 50,000 చొప్పున. మొత్తం 3 లక్షల 50 వేలు. దానిమీద కంపెనీ కట్టే పీఎఫ్, ఈఎస్‌ఐ సుమారు 10 శాతం.

అందరికీ 5 శాతమంటే హెల్పర్‌కి 1,000, ఆపరేటర్‌కి 1,500, సెట్టర్‌కి 2,500. నెలకి మొత్తం 17,500. కానీ 2025 జనవరిలో బస్సు చార్జీలు 15 శాతం పెరిగినప్పుడు, ఏప్రిల్‌లో నందిని పాలు లీటరుకి 4 రూపాయలు పెరిగినప్పుడు హెల్పర్‌కి వేరే రేటు, సెట్టర్‌కి వేరే రేటు లేదు కదా. అందుకే అదే 17,500ని ఇంకోలా పంచొచ్చు. హెల్పర్లకు 7 శాతం, అంటే 1,400 చొప్పున 7,000. ఆపరేటర్లకు 5 శాతం, 1,500 చొప్పున 7,500. సెట్టర్లకు 3 శాతం, 1,500 చొప్పున 3,000. మొత్తం అదే 17,500. కంపెనీకి అదనంగా ఒక్క రూపాయి పడలేదు, తక్కువ జీతగాడికి మాత్రం 400 ఎక్కువ వచ్చింది.

తక్కువ ఇచ్చే ఏడు నేను ఈ పద్ధతే మంచిదంటాను, కానీ రెండు చోట్ల చూసుకోవాలి.

ఒకటి సెట్టర్లు. ప్రోగ్రాం వేసి, టూల్ ఆఫ్‌సెట్ సరిచేసి, మొదటి పీసు పాస్ చేయించగల మనిషికి పక్క వీధిలోనే ఉద్యోగం దొరుకుతుంది. అలాంటివాడు వెళ్ళిపోతే కొత్తవాడు చేతికొచ్చేలోపు పోయే పీసుల ఖర్చు ముందు మీరు మిగిల్చిన 1,000 ఏపాటిది? మీ సెట్టర్ ఇప్పటికే బయట అడుగుతున్నాడని అనిపిస్తే 3 శాతం పెట్టకండి, అందరికీ 5 శాతమే పెట్టండి.

రెండోది ఈఎస్‌ఐ, దీన్ని చాలామంది చూడరు. ఈఎస్‌ఐ లెక్కకొచ్చే జీతం నెలకి 21,000 దాటితే ఆ మనిషి స్కీము బయటికి వెళ్తాడు. 20,000 హెల్పర్‌కి 5 శాతం పెంచితే సరిగ్గా 21,000, లోపలే ఉంటాడు. 7 శాతం పెంచితే 21,400, బయటపడతాడు. ఊళ్ళో ఉన్న అమ్మానాన్నకీ, ఇక్కడున్న భార్యాపిల్లలకీ ఈఎస్‌ఐ ఆసుపత్రే దిక్కయిన ఇంట్లో 400 కోసం అది పోవడమంటే పెంచినట్టు కాదు.

తేదీ కూడా ముఖ్యమే. ఈఎస్‌ఐలో ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక చందా కాలం, అక్టోబరు నుంచి మార్చి దాకా ఇంకొకటి. కాలం మొదలయ్యాక మధ్యలో జీతం పరిమితి దాటితే ఆ కాలం ముగిసేదాకా చందా కట్టాలి, మనిషి లోపలే ఉంటాడు. అదే ఏప్రిల్ 1 నుంచే దాటితే ఆ రోజునుంచే చందా ఆగుతుంది. అంతకుముందు కట్టిన చందాకి వచ్చే చికిత్స హక్కు కొన్నాళ్ళు నడుస్తుంది, తర్వాత అయిపోతుంది.

దీనికి ఈ ఓనర్ చేసిన ఏర్పాటు నాకు నచ్చింది. హెల్పర్లకు నెల జీతంలో 1,000 మాత్రమే కలిపాడు. మిగిలిన 400 చొప్పున ఏడాదికయ్యే 4,800ని ఆయుధపూజకి 2,400, ఉగాదికి 2,400గా ఇస్తానన్నాడు. రెండు నెలలకన్నా ఎక్కువ వ్యవధికి ఒకసారి ఇచ్చే మొత్తం ఈఎస్‌ఐ జీతంలోకి రాదని పాత ఈఎస్‌ఐ చట్టంలో ఉండేది, దీని ఆధారం అదే. అయితే 2025 నవంబరులో కొత్త కోడ్ వచ్చాక వేతనం నిర్వచనం మారింది, పరిమితులూ మారుతుంటాయి కాబట్టి మీ ఆడిటర్‌తో మాట్లాడాకే చేయండి. చట్టప్రకారం ఇవ్వాల్సిన బోనస్ ఉంటే అది వేరే, ఇందులో కలిపేయకండి. ఇంకో మాట, ఆ ఐదుగురినీ ముందు అడగండి. ఈఎస్‌ఐ వద్దు, నెలనెలా డబ్బే కావాలనేవాళ్ళు ఉండొచ్చు, వాళ్ళకి పోయేదేంటో చెప్పి నిర్ణయం వాళ్ళకే వదలండి.

నాలుగో పని: శాతాల మాటలు సరిచూసుకోవడం

మీటింగ్‌లో గొడవ ఎక్కువగా అంకె మీద రాదు, ఆ శాతం దేనిమీద అన్నదాని మీద వస్తుంది. 5 శాతం మొత్తం జీతం మీదా, బేసిక్ మీదా? ఆపరేటర్ జీతం 30,000లో బేసిక్ 15,000 అనుకుందాం. బేసిక్ మీద 5 శాతమంటే 750, అది మొత్తం జీతంలో రెండున్నర శాతమే. మీ నోట 5 శాతం విన్న మనిషికి స్లిప్పులో రెండున్నర కనిపిస్తే మోసమనే అనుకుంటాడు, అనుకోవడంలో తప్పూ లేదు.

చేతికొచ్చేది ఎంతో కూడా మీరే చెప్పండి. హెల్పర్‌కి పెంచిన 1,000ని బేసిక్‌లో కలిపారనుకోండి, బేసిక్ ఇంకా 15,000 లోపే ఉందనుకోండి. అతని వాటా పీఎఫ్ 12 శాతం, ఈఎస్‌ఐ 0.75 శాతం పోగా చేతికి 872 రూపాయల 50 పైసలు వస్తాయి. కంపెనీకి మాత్రం పీఎఫ్ చార్జీలతో కలిపి 13 శాతం, ఈఎస్‌ఐ 3.25 శాతం పడి 1,162 రూపాయల 50 పైసలవుతుంది. పీఎఫ్‌లో పడేది అతని డబ్బే, ఎక్కడికీ పోదు, ఆ మాట కూడా అనండి.

ఇక "10 నుంచి 5కి, అంటే 5 శాతం తగ్గింది" అని మాత్రం అనకండి. విన్నవాడికి జీతమే 5 శాతం కోశారేమో అనిపిస్తుంది. రెండేళ్ళ కిందట 18,000 ఉన్న మనిషిని తీసుకుంటే 10 శాతంతో 19,800 అయ్యాడు, ఇప్పుడు 5 శాతంతో 20,790 అవుతాడు. పోయినేడు పెరిగింది 1,800, ఈ ఏడు పెరిగేది 990. ఇలా రూపాయల్లో చెబితే ఎవరికీ తికమక ఉండదు. మీ లెక్క మీరే సరిచూసుకోవడానికి సూత్రం ఇది:

```
(కొత్తది - పాతది) ÷ పాతది × 100
```

కింద ఎప్పుడూ పాత అంకే ఉండాలి. మిగులు 9.60 లక్షల నుంచి 7.68 లక్షలకి వస్తే 1.92ని 9.60తో భాగించాలి, 20 శాతం వస్తుంది. 7.68తో భాగిస్తే 25 శాతం వస్తుంది, నష్టం ఎక్కువ చేసి చూపించినట్టవుతుంది. లెక్కలొచ్చిన కుర్రాడు ఒక్కడుంటే చాలు, అక్కడే పట్టుకుంటాడు.

మీటింగ్‌కి ముందు

జీతం పడే రోజు పెట్టకండి, దానికి ఒక వారం ముందు పెట్టండి. షిఫ్ట్ మారే వేళ, మెషీన్లు ఆపి, ఆ సమయానికి జీతం కట్ లేకుండా. ఇద్దరు సెట్టర్లతో ముందురోజే విడిగా మాట్లాడండి, వాళ్ళ 3 శాతం సంగతి అందరి ముందు మొదటిసారి వినకూడదు. తెలుగు రానివాళ్ళుంటే ఆ ముక్కలన్నీ కన్నడలో కూడా అక్కడికక్కడే చెప్పండి, తర్వాత ఎవరో ఒకరు చెబుతారులే అని వదిలేయకండి.

ఈ ఏడాదిలోనే మీరు కారు కొన్నా, ఇంటికి పై అంతస్తు వేసినా అది ఎవరో అడిగేదాకా ఆగకండి. లోన్ మీద కొన్నారా, ఊళ్ళో పొలం అమ్మారా, ఉన్నది ఒక్క ముక్కలో చెప్పేయండి. యూనిట్ డబ్బుతోనే కొని ఉంటే ఈ ప్రసంగమే పెట్టుకోకండి, ముందు ఇంక్రిమెంట్ సంగతి మళ్ళీ ఆలోచించండి.

ప్రసంగం

పది పదిహేను నిమిషాలకన్నా వద్దు. ముందే అసలు మాట చెప్పేయాలి. చివరిదాకా దాచిపెట్టి కష్టాలు చెబుతూ పోతే వినేవాళ్ళ గుండెలు దడదడలాడుతుంటాయి, లెక్క ఎవరి చెవికీ ఎక్కదు. ఈ ఓనర్ కోసం మేం రాసుకున్నది ఇది.

"అందరూ టీ తీసుకున్నారా? కూర్చోండి. ఇంక్రిమెంట్ గురించి మాట్లాడాలి. పోయినేడు అందరికీ 10 శాతం ఇచ్చాం. ఈ ఏడు మొత్తం మీద 5 శాతమే ఇవ్వగలుగుతున్నాను. ఎవరి జీతమూ తగ్గదు, పెరగడమే తక్కువగా పెరుగుతుంది. ఎందుకో లెక్కతో చెబుతాను, అర్థం కాకపోతే మధ్యలోనే ఆపండి.

పని తగ్గిందని నేను అనను. పని పెరిగింది, చేసింది మీరే. పోయినేడు 1 కోటి 20 లక్షలు బిల్లు వేశాం. ఈ ఏడు 1 కోటి 29 లక్షల 60 వేలు. అంటే 9 లక్షల 60 వేలు ఎక్కువ. మరి ఆ డబ్బెక్కడ అని మీరు అడగాలి, నేను చెప్పాలి.

ఖర్చు 11 లక్షల 52 వేలు ఎక్కువైంది. అందులో 4 లక్షల 20 వేలు పోయినేడు పెంచిన మీ జీతాలకి. అది మీ కష్టానికి ఇచ్చింది, దాని గురించి నాకే బాధా లేదు. 5 లక్షల 40 వేలు ఇన్సర్టులకి, కూలెంట్‌కి, మెటీరియల్‌కి. ఇదిగో పోయినేటి బిల్లు, ఇదిగో ఇప్పటిది, అదే ఇన్సర్టు, అదే పెట్టె, చూసి పక్కవాళ్ళకి ఇవ్వండి. 1 లక్షా 56 వేలు షెడ్డు అద్దెకీ కరెంటుకీ. మిగతా 36 వేలు చిల్లర ఖర్చులకి.

మనకు పీసుకి ఇచ్చే రేటు మాత్రం ఏడాదంతా అదే. రెండుసార్లు వెళ్ళి అడిగాను, ఒప్పుకోలేదు. పీసులు ఎక్కువ చేశాం, పీసు మీద మిగిలేది తగ్గింది. 100 రూపాయల బిల్లు వేస్తే పోయినేడు అన్ని ఖర్చులూ పోగా 8 రూపాయలు మిగిలేది. ఈ ఏడు 6 రూపాయలకి కొంచెం తక్కువే మిగిలింది. మొత్తం మీద 9 లక్షల 60 వేలు మిగిలేది కాస్తా 7 లక్షల 68 వేలయింది. నా ఇల్లు గడవాల్సింది, పన్ను కట్టాల్సింది, మెషీన్ ఆగితే బాగుచేయించాల్సింది అందులోనే.

10 శాతం ఇస్తే 4 లక్షల 62 వేలు కావాలి. ఇస్తే ఇవ్వొచ్చు, కానీ ఒక్క మెషీన్ ఆగినా ఆ నెల మీ జీతం పదో తారీఖుకి పడుతుందని నేను మాటివ్వలేను. 5 శాతానికి 2 లక్షల 31 వేలు. మిగిలిన దాంట్లో 100కి 30 మీకే వస్తోంది.

ఆ డబ్బుని అందరికీ ఒకే శాతంగా పంచట్లేదు. 20,000 వాళ్ళకి 7 శాతం, 30,000 వాళ్ళకి 5 శాతం, సీనియర్లకి 3 శాతం. శాతం అంటే మొత్తం జీతం మీద, బేసిక్ మీద కాదు. 20,000 వాళ్ళకి 1,000 జీతంలో కలుస్తుంది, మిగతాది ఆయుధపూజకి 2,400, ఉగాదికి 2,400. ఎందుకలా అంటే మొత్తం జీతంలో కలిపితే మీ ఈఎస్‌ఐ పోతుంది. మీ ఐదుగురితో ముందే మాట్లాడాను, ఎవరికైనా వేరేగా కావాలంటే ఈ వారంలో చెప్పండి.

పాలు పెరిగాయి, బస్సు పెరిగింది, రూం అద్దె పెరిగింది, 5 శాతం వాటికి చాలదని నాకు తెలుసు. అందుకే అక్టోబరులో మళ్ళీ లెక్క చూద్దాం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు అన్ని ఖర్చులూ పోగా మూడున్నర లక్షలు దాటి మిగిలితే అక్టోబరు నుంచి ఇప్పటి పాత జీతం మీద ఇంకో 2 శాతం అందరికీ కలుపుతాను, 20,000 వాళ్ళకి మాత్రం ఈఎస్‌ఐ పోకుండా దాన్ని కూడా ఉగాది డబ్బులోనే ఇస్తాను. దాటకపోతే కలపను. ఆ అంకె దాటిందో లేదో మీ ముందే చెబుతాను. అడగండి ఇప్పుడు."

ఆ మూడున్నర లక్షలు ఎలా వచ్చిందంటే, 5 శాతం ఇచ్చాక ఏడాదికి 5 లక్షల 37 వేలు మిగలాలి కదా, అర్ధ సంవత్సరానికి సుమారు 2 లక్షల 68 వేలు. మూడున్నర లక్షలంటే అంతకన్నా 82 వేలు ఎక్కువ. 2 శాతానికి ఆ ఏడు మిగిలిన ఆరు నెలలకి 46,200 చాలు, కాబట్టి మాట నిలబెట్టుకోగలడు. ఇలాంటి అంకె మీ దగ్గర లేకపోతే "తర్వాత చూద్దాం" అనే మాటే ఎత్తకండి. ఎత్తితే వాళ్ళు అక్టోబరు దాకా రోజులు లెక్కపెడతారు, మీకేమో గుర్తుండదు.

వచ్చే ప్రశ్నలు

"పోయినేడు బాగా మిగిలినప్పుడు మాకు ఎక్కువేం ఇవ్వలేదే?" ఇది న్యాయమైన ప్రశ్న. పోయినేడు 10 శాతం ఇచ్చిన ఓనర్‌కి జవాబుంది. ఇవ్వని ఓనర్ వాదించకుండా, ఇకమీదట మిగులు అంకె ఏటా చెబుతానని ఒప్పుకోవడం మేలు.

"మొన్న చేరిన కుర్రాడికి నాకన్నా ఎక్కువంట కదా?" ఇంకొకరి జీతం అందరి ముందు చెప్పకండి. నీ జీతం సంగతి రేపు పొద్దున విడిగా కూర్చుని చూద్దామని చెప్పి, రేపు పొద్దున నిజంగా పిలవండి. ఒకే పనికి కొత్తవాడికి ఎక్కువ ఇస్తున్నట్టు తేలితే ఈ ఏటి డబ్బులోంచే ముందు దాన్ని సరిచేయాలి, లేకపోతే పైన చెప్పిన లెక్కంతా వృథా.

"పని పెరిగింది కాబట్టి ఓటీ డబుల్ ఇవ్వొచ్చుగా?" ఓవర్‌టైంకి రెండింతల రేటు చట్టంలోనే ఉంది. ఇప్పటిదాకా మామూలు రేటే కడుతున్నారంటే ఇంక్రిమెంట్ ప్రసంగం కన్నా ముందు చక్కబెట్టుకోవాల్సింది అదే.

ఆ తర్వాత వారం

మీటింగ్‌లో ఎవరూ ఏమీ అడగలేదంటే ఒప్పుకున్నారని కాదు. బయట టీ బండి దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారో చూడండి. ఎప్పుడూ ఓటీకి ముందుండే మనిషి ఇంట్లో పనుందని రెండు రోజులు వరసగా వెళ్ళిపోతే, ఎవరైనా ఎక్స్‌పీరియన్స్ లెటర్ అడిగితే, పీఎఫ్ యూఏఎన్‌కి ఆధార్ లింకయిందా అని ఉన్నట్టుండి ఆరా తీస్తే, ఆ మనిషితో అదే రోజు కూర్చోవాలి. అప్పుడు కూడా మళ్ళీ యూనిట్ కష్టాలు చెప్పకండి. అతని స్లిప్పు తీసి, పాత జీతం, కొత్త జీతం, కోతలు, చేతికొచ్చేది, పండగలకిచ్చేది ఒక్కో వరస చూపించండి. లెక్క తేడా వల్ల వచ్చిన కోపమైతే అక్కడే తగ్గుతుంది. బయట నిజంగానే ఎక్కువ ఇస్తున్నారనైతే అప్పుడది వేరే బేరం.

మొదట వేసుకున్న లెక్కలోని ఐదు ఖర్చు వరసలూ, మిగులూ ఒక కాగితం మీద రాసి నోటీసు బోర్డుకి పెట్టండి, ఎవరి జీతాలూ అందులో ఉండకూడదు. సెప్టెంబరు లెక్క తేలగానే అదే కాగితంలో పక్క వరసలో కొత్త అంకెలు రాయండి. మిగులు మూడున్నర లక్షలకి పది వేలు తక్కువైనా సరే రాయండి, ఎంత తక్కువైందో, ఏ ఖర్చు వల్లో కూడా రాయండి.